చీటీల మొత్తానికీ కంప్యూటర్ మొత్తానికీ పైసల తేడా ఎందుకు వస్తుంది?

పాల సంఘాలలో లెక్కలు కంప్యూటర్‌లోకి మారిన తరువాత మా తనిఖీలలో తరచుగా వినవస్తున్న ఫిర్యాదు ఒకటి ఉన్నది. సభ్యులకిచ్చిన చీటీలను ఒక్కొక్కటిగా కాలిక్యులేటర్‌పై కూడితే ఒక మొత్తం వస్తుంది. కంప్యూటర్ షీటు అడుగున అచ్చయిన మొత్తం మరొకటి ఉంటుంది. తేడా రెండు పైసలు, నాలుగు పైసలు, ఒక్కొక్కచోట పావలా. కార్యదర్శి మళ్ళీ కూడతాడు, మళ్ళీ అదే తేడా. పాలకవర్గంలో ఒకరు కంప్యూటర్ తప్పంటారు, మరొకరు కాలిక్యులేటర్ పాతబడిందంటారు, మూడవవారు కార్యదర్శినే అనుమానంగా చూస్తారు.

"రెండు పైసలే కదా అని మీరనవచ్చు. రెండు పైసలు ఎటు పోయాయో చెప్పలేనివాళ్ళు రెండు వందలు పోతే చెప్పగలరా?" అని ఒక సంఘంలో పెద్దవయసు సభ్యుడు మమ్మల్ని సూటిగా అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. తేడా ఎందుకు వస్తుందో, ఎంతవరకు రావచ్చునో, ఎంత దాటితే అది ఈ కారణంవల్ల వచ్చినది కాదో తెలిసి ఉంటే అతనికి సమాధానం దొరుకుతుంది. దానిని ఒక చిన్న లెక్కతో చూపుతాము.

ఆరుగురు సభ్యులు పోసిన ఒక పూట గేదె పాలను తీసుకొందాము. కిలో వెన్నకు రు. 830 చొప్పున ధర అనుకొందాము. లెక్క తేలికగా ఉండేందుకు మాత్రమే ఈ ధర తీసుకొన్నాము, మీ యూనియన్ ధర వేరుగా ఉండవచ్చు. వెన్న శాతాన్ని 830తో హెచ్చించి నూరుతో భాగిస్తే కిలో పాల ధర వస్తుంది. 6.7 శాతం ఉన్న పాలకు అది రు. 55.61. పాల బరువును ఈ ధరతో హెచ్చిస్తే సభ్యుడికి రావలసిన సొమ్ము వస్తుంది. ఈ క్రింది వరుసలలో మొదట బరువు, తరువాత వెన్న శాతం, కిలో పాల ధర, ఆపైన కంప్యూటర్ తన లోపల ఉంచుకొన్న సొమ్ము, చివరగా చీటీపై కనబడే సొమ్ము ఉన్నాయి.

1వ సభ్యుడు: 4.35 కిలోలు, 6.7, రు. 55.61, లోపల 241.9035, చీటీపై 241.90
2వ సభ్యుడు: 2.80 కిలోలు, 7.1, రు. 58.93, లోపల 165.0040; చీటీపై 165.00
3వ సభ్యుడు: 3.20 కిలోలు, 6.9, రు. 57.27, లోపల 183.2640, చీటీపై 183.26
4వ సభ్యుడు: 5.60 కిలోలు, 6.3, రు. 52.29, లోపల 292.8240, చీటీపై 292.82
5వ సభ్యుడు: 1.70 కిలోలు, 7.4, రు. 61.42, లోపల 104.4140, చీటీపై 104.41
6వ సభ్యుడు: 7.15 కిలోలు, 6.5, రు. 53.95, లోపల 385.7425; చీటీపై 385.74

చీటీలపై ఉన్న ఆరు అంకెలను కాలిక్యులేటర్‌పై కూడండి. రు. 1373.13 వస్తుంది. కంప్యూటర్ షీటు అడుగున మాత్రం రు. 1373.15 అని ఉంటుంది. ఇక్కడ కంప్యూటర్‌గాని, కాలిక్యులేటర్‌గాని కూడికలో పొరపడలేదు. రెండూ వేర్వేరు అంకెలను కూడాయి, అంతే.

షీటులో ఒక గడిని రెండు దశాంశ స్థానాలకు పెట్టినప్పుడు మనం కంప్యూటర్‌కు చెబుతున్నది, "ఈ అంకెను నాకు రెండు స్థానాలవరకే చూపించు" అని మాత్రమే. "మిగిలినది పారవెయ్యి" అని మనం చెప్పలేదు. అందువల్ల అది మొదటి సభ్యుడి సొమ్మును 241.90గా చూపిస్తుంది, తన లోపల మాత్రం 241.9035గానే ఉంచుకొంటుంది. అడుగున మొత్తం వేసేటప్పుడు అది కూడేది లోపల ఉన్నవాటినే. ఒక్కొక్క వరుసలో కనబడకుండా మిగిలిపోయిన తోకలు, అనగా 0.0035, 0.0040 వంటివి, ఆరూ కలిసి 0.022 అయినవి. లోపలి మొత్తం 1373.152. దానిని రెండు స్థానాలకు చూపితే 1373.15. చీటీల మొత్తంకన్నా రెండు పైసలు ఎక్కువగా కనబడినది అందుకే.

మన ఉదాహరణలో ఆరు తోకలూ ఒకే వైపున ఉండేటట్లు కావాలని ఏరి తీసుకొన్నాము. నిజమైన పూటలో కొన్ని వరుసలు క్రిందికి, కొన్ని పైకి సవరింపబడతాయి. 6.15 కిలోల పాలకు 6.4 శాతం వెన్న ఉంటే లోపలి సొమ్ము 326.688, చీటీపై 326.69. ఇక్కడ చీటీయే ఎక్కువ. ఇటువంటివి ఒకదానినొకటి కొట్టివేసుకొంటూ పోతాయి గనుక ఒక్కొక్క పూట మొత్తాలు సరిగ్గా కలుస్తాయి, మరొక పూట కలవవు. నిన్న కలిసిన లెక్క ఈ రోజు కలవలేదని కంగారుపడే కార్యదర్శులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కాలిక్యులేటర్ గురించి కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. మీరు చీటీలపై ఉన్న సొమ్మును కొట్టి కూడితే 1373.13 వస్తుంది. అలా కాక ఒక్కొక్క సభ్యుడి బరువును ధరతో అక్కడే హెచ్చించి, వచ్చినదానిని M+ మీటతో జ్ఞాపకంలోకి పంపుతూ పోతే, చివరకు MR నొక్కినప్పుడు 1373.152 కనబడుతుంది. అంటే అదే కాలిక్యులేటర్ ఇప్పుడు కంప్యూటర్ పక్షాన మాట్లాడుతున్నది. బల్లమీద పెట్టుకొనే పెద్ద కాలిక్యులేటర్లు చాలావాటిలో F, 4, 2, 0, A వంటి గుర్తులతో జరిపే మీట ఒకటి ఉంటుంది. మేము చెప్పిన 1373.152 ఆ మీట F వద్ద ఉన్నప్పటిది. మీట 2 వద్ద ఉంటే రెండు స్థానాలే కనబడతాయి, తోకను యంత్రం లోపల దాచుకొన్నదో వదిలివేసినదో మీకు తెలియదు. తెలుసుకొనే ఉపాయం ఉన్నది. మీటను 2 వద్ద ఉంచి 4.35ను 55.61తో హెచ్చించండి, 241.90 వస్తుంది. దానిని తుడిచివేయకుండా వెంటనే 100తో హెచ్చించండి. 24190.35 అని వస్తే తోక లోపల ఉన్నది. 24190.00 అని వస్తే లేదు. ఇద్దరు గుమాస్తాలు రెండు కాలిక్యులేటర్లతో కూర్చుని రెండు మొత్తాలు తెచ్చి వాదులాడుకొనే ముందు ఈ పరీక్ష చేసుకొంటే పొద్దు ఆదా అవుతుంది.

ఇక ముఖ్యమైన సంగతికి వద్దాము. ఈ కారణంవల్ల వచ్చే తేడాకు ఒక హద్దు ఉన్నది. దగ్గరి పైసాకు సవరించినప్పుడు ఒక వరుసలో పోయేదిగాని, కలిసేదిగాని అర పైసాకు మించదు. కావున ఆరు వరుసలలో తేడా ఎంత వచ్చినా 3 పైసలు దాటకూడదు. మన లెక్కలో వచ్చినది 2. ఒక సభ్యుడు పది రోజులలో ఇరవై పూటలు పాలు పోస్తే, అతని చీటీల మొత్తానికీ బిల్లుకూ తేడా 10 పైసలు దాటకూడదు. 120 మంది సభ్యులున్న సంఘంలో పది రోజులకు 2400 వరుసలు, హద్దు 12 రూపాయలు. వరుసల సంఖ్యను సగం చేస్తే అన్ని పైసలు, అంతే గుర్తుంచుకొంటే చాలు.

అయితే హద్దుకు లోబడి ఉన్నది గనుక సరే అని ఊరుకోవడం మా ఉద్దేశం కాదు. పైకి సవరించినవీ క్రిందికి సవరించినవీ కొట్టివేసుకొనడంవల్ల 2400 వరుసలలో తేడా 12 రూపాయల దాకా పోవడం దాదాపు జరగదు. సరిగ్గా అర పైసా వచ్చిన వరుసలన్నీ పైకే పోతాయి కాబట్టి చీటీల మొత్తం కొంచెం ఎక్కువవైపు మొగ్గుతుంది. అయినా తేడా సామాన్యంగా రూపాయి, రెండు రూపాయల లోపే ఉంటుంది. పది పన్నెండు రూపాయలు వచ్చినదంటే, అందులోనూ ప్రతి బిల్లుకూ ఒకే వైపున వస్తున్నదంటే, అది వేరే సంగతి. దానిని కొంచెం తరువాత చెబుతాము.

ఈ హద్దు ఎలా ఉపయోగపడుతుందో ఒక సంఘంలో చూశాము. ఆ సంఘం పేరు ఇక్కడ అవసరం లేదు. ఒక సాయంత్రం పూట 118 చీటీలు. చీటీల మొత్తం కంప్యూటర్ మొత్తంకన్నా రు. 97.40 ఎక్కువ. "కంప్యూటర్‌లో పైసలు సవరించడంవల్ల తేడా వస్తుందని మీరే చెప్పారు కదా సార్" అని కార్యదర్శి మాతోనే అన్నాడు. 118 వరుసలకు హద్దు 59 పైసలు. తొంభై ఏడు రూపాయలు ఆ దారిన రావడానికి వీలులేదు. అంత పెద్ద తేడా ఒక వరుస మొత్తంగా తప్పిపోయినప్పుడు వస్తుంది గనుక, రు. 97.40కి అటూ ఇటూ 59 పైసల లోపల ఉన్న చీటీ ఏదైనా ఉన్నదేమో చూడమన్నాము. అటువంటిది ఒక్కటే ఉన్నది: 1.75 కిలోలు, 6.7 శాతం, రు. 97.32. ఆ సభ్యురాలు ఆ సాయంత్రం అందరికన్నా ఆలస్యంగా పాలు తెచ్చిందట. అప్పటికే మొత్తం వేసి ఉన్నందున ఆమె వరుసను మొత్తానికి క్రింద టైపు చేశారు. చీటీ వచ్చినది, కూడికలో మాత్రం ఆ వరుస చేరలేదు. దానిని తీసుకొన్న తరువాత మిగిలిన తేడా 8 పైసలు. ఆ ఎనిమిది పైసలు మాత్రమే మనం చెప్పుకొంటున్న కారణంవల్ల వచ్చినవి.

తేడా రాకుండా చేయాలంటే ఏమి చేయాలి? ముందుగా ఒక నిర్ణయానికి రావాలి. సంఘం సభ్యుడికి బాకీపడినది ఎంత, 241.90నా, 241.9035నా? మా దృష్టిలో దీనికి సందేహం లేదు. సభ్యుడి చేతికి చీటీ ఇచ్చాము, దానిపై 241.90 అని ఉన్నది. పైసాలో మూడో వంతును ఎవరూ ఇవ్వలేరు, ఎవరూ పుచ్చుకోలేరు. చీటీయే ఒప్పందం. కావున చీటీపై ఉన్నదే లోపల కూడా ఉండాలి, చీటీల మొత్తమే సంఘం చెల్లించవలసిన మొత్తం కావాలి. అందుకు సొమ్ము వచ్చే గడిలోనే దగ్గరి పైసాకు నిజంగా సవరించమని కంప్యూటర్‌కు చెప్పాలి. షీటులో B వరుసలో బరువు, C వరుసలో వెన్న శాతం, D వరుసలో కిలో వెన్న ధర ఉన్నాయనుకొంటే, E వరుసలో వ్రాయవలసినది ఇది:

```
=ROUND(B2*C2*D2/100,2)
```

చివరనున్న 2 అంటే రెండు దశాంశ స్థానాలు. ఇప్పుడు E2లో కనబడేదీ 241.90, లోపల ఉన్నదీ 241.90. అడుగున కూడితే 1373.13 వస్తుంది, చీటీలతో పైసాకు పైసా కలుస్తుంది.

పాత షీటు చేతికి వచ్చినప్పుడు అందులో ఈ సవరింపు ఉన్నదో లేదో చూడడానికి ఖాళీగా ఉన్న రెండు గడులలో ఈ రెండూ వ్రాసి చూస్తాము. మొదటిది లోపలి అంకెల మొత్తం, రెండవది చీటీలపై కనబడే అంకెల మొత్తం:

```
=SUM(E2:E7)
=SUMPRODUCT(ROUND(E2:E7,2))
```

సవరింపు లేని షీటులో మన ఆరు వరుసలకు ఇవి 1373.15, 1373.13 అని చూపుతాయి. గడులకు దశాంశ స్థానాలు పెంచి చూస్తే మొదటిది 1373.152 అని తేలుతుంది. రెండూ ఒకటే అయితే ఆ షీటులో తోకలు లేవన్నమాట, లేదా ఆ పూట కొట్టివేసుకొని పోయాయన్నమాట. అందుకే ఒక్క పూట చూసి తృప్తిపడకుండా మూడు నాలుగు పూటలు చూడడం మంచిది.

ఈ సవరింపును చోటు చూసి చేయాలి. షీటులో ఉన్న అన్ని గడులకూ చేయమని మేము చెప్పడం లేదు. చేయకూడనిచోట చేస్తే పైసల తేడా రూపాయలలోకి పోతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం సరాసరి వెన్న శాతం దగ్గర ఉన్నది. మన ఆరుగురి పాలనే మళ్ళీ చూడండి. మొత్తం బరువు 24.80 కిలోలు. ఒక్కొక్కరి వెన్న కిలోలను కూడితే 1.6544. సరాసరి వెన్న శాతం 6.67097. గడిని ఒక స్థానానికి పెట్టి ఉంటే అది 6.7గా కనబడుతుంది. పూట నివేదికలో "పాలు 24.80 కిలోలు, వెన్న 6.7" అని అచ్చవుతుంది. ఇక పాలకవర్గ సభ్యుడొకరు కాలిక్యులేటర్ తీసుకొని 24.80ను 6.7తో, తరువాత 8.30తో హెచ్చిస్తాడు. రు. 1379.13 వస్తుంది. సభ్యులకు చెల్లించవలసినది రు. 1373.13 అని అదే నివేదికలో ఉన్నది. "ఆరు రూపాయలు ఎక్కడ?" అని అడుగుతాడు.

ఎక్కడికీ పోలేదు. శాతంలో దాదాపు 0.03 పైకి జరిగినది, అది 24.80 కిలోలమీదా, కిలో వెన్న ధరమీదా హెచ్చింది. ముందు చూసిన రెండు పైసలకూ, ఈ ఆరు రూపాయలకూ కారణం ఒకటే: కనబడే అంకె వేరు, లోపలి అంకె వేరు. కాని అక్కడ సవరించిన తరువాత కూడాము, ఇక్కడ సవరించిన తరువాత హెచ్చించాము. కూడికలో తోక తోకగానే ఉంటుంది, హెచ్చవేతలో తోక పెరుగుతుంది. వరుసకు అర పైసా అన్న హద్దు కూడికకే చెల్లుతుంది, దీనికి చెల్లదు. ఇదే సరాసరితో పూటకు 450 కిలోలు పోసే సంఘమైతే తేడా 108 రూపాయలు దాటుతుంది. సరాసరి 6.67097 కాక 6.65కు దగ్గరలో ఉంటే ఇంకా ఎక్కువే.

కావున సరాసరి గడిని ఎన్నడూ సవరించవద్దు. దానిని ప్రతిసారీ వెన్న కిలోలనుండే తీయాలి:

```
=SUMPRODUCT(B2:B7,C2:C7)/SUM(B2:B7)
```

నివేదికలో ఒక స్థానమే చూపినా ఫరవాలేదు, పక్కనే వెన్న కిలోలు 1.6544 అని మూడు నాలుగు స్థానాలవరకు అచ్చువేయించండి. కాలిక్యులేటర్ పట్టుకొన్నవారు ఆ వెన్న కిలోలను 830తో హెచ్చిస్తే రు. 1373.15 వస్తుంది, చీటీలతో రెండు పైసల తేడాలో కలుస్తుంది. డెయిరీకి పంపిన పాలకు అక్కడ తేలిన వెన్నకూ, సంఘంలో తేలిన వెన్నకూ వచ్చే తేడాను మాత్రం దీనితో కలపకండి. అది నమూనా తీయడం, పాలు కలియబెట్టడం, కొలవడం వల్ల వచ్చేది, దాని విచారణ వేరు.

ఇదే సందర్భంలో ఒక హెచ్చరిక. ఎక్సెల్‌లో File, Options, Advanced అనేచోటికి పోతే Set precision as displayed అని ఒక గుర్తు పెట్టే పెట్టె ఉన్నది. దానికి గుర్తు పెడితే కనబడే అంకెలే లోపలి అంకెలు అయిపోతాయి. మొత్తాలు చక్కగా కలుస్తాయి. తెలిసినవారెవరో చెబితే ఒకచోట దానిని పెట్టారు కూడా. కాని అది సొమ్ము గడులకూ, శాతం గడులకూ భేదం చూడదు. ఆ పుస్తకంలోని షీట్లన్నింటికీ వర్తిస్తుంది. టైపు చేసిన అంకెలలో కనబడని తోకలను శాశ్వతంగా తుడిచివేస్తుంది, గుర్తు తీసివేసినా అవి తిరిగి రావు. ఒక స్థానానికి కనబడుతున్న సరాసరి 6.67097 కాస్తా 6.7 అయి కూర్చుంటుంది, ఆపైన దానితో చేసే లెక్కలన్నీ చెడతాయి. మూడు పైసల తలనొప్పికి ఇది తగిన మందు కాదు. సొమ్ము గడిలో ROUND వ్రాయడం అయిదు నిమిషాల పని.

కిలో పాల ధర విషయంలో మాత్రం సంఘం ఏ పద్ధతిలో చెల్లిస్తున్నదో చూసి నిర్ణయించుకోవాలి. కిలో వెన్న ధర 830 వంటి గుండు అంకె అయితే చిక్కు లేదు, ధర రెండు స్థానాలలోనే సరిపోతుంది. అది రు. 833 అనుకోండి. 6.7 శాతానికి కిలో పాల ధర 55.811. గోడకు అంటించిన ధరల పట్టికలో 55.81 అని ఉంటుంది. మన మొదటి సభ్యుడు పట్టిక చూసి 4.35ను 55.81తో హెచ్చించుకొంటాడు, రు. 242.77 వస్తుంది. కంప్యూటర్ లోపలి 55.811తో హెచ్చించి రు. 242.78 అని చీటీ ఇస్తుంది. ఈసారి లాభం సభ్యుడికే, మరొక శాతం దగ్గర నష్టం కావచ్చు. యూనియన్ సర్క్యులర్ ప్రకారం చెల్లింపు పట్టికలోని ధరతో జరగాలంటే ధరను కూడా ముందు పైసాకు సవరించి, ఆ తరువాత బరువుతో హెచ్చించి మళ్ళీ సవరించాలి:

```
=ROUND(B2*ROUND(C2*D2/100,2),2)
```

చెల్లింపు కిలో వెన్న లెక్కన అని ఉంటే మొదట చెప్పిన విధమే సరి. రెండింటిలో ఏది ఎన్నుకొన్నా పాలకవర్గం తీర్మానపు పుస్తకంలో వ్రాసుకొని, సభ్యులకు తెలిసేటట్లు పట్టిక పక్కనే ఒక వాక్యం అంటించడం అవసరం. సభ్యుడు తన చీటీని తానే లెక్క కట్టుకొని సరిచూసుకోగలగాలి.

పైన "వేరే సంగతి" అన్నదానికి వద్దాము. కొన్ని లెక్కలలో దగ్గరి పైసాకు సవరించడానికి బదులు రెండు స్థానాల తరువాత ఉన్నదంతా కత్తిరించివేస్తారు. 326.688 ఉంటే 326.69 కాక 326.68 ఇస్తారు. షీటులో ROUND ఉండవలసినచోట ROUNDDOWN గాని, TRUNC గాని ఉంటే జరిగేది ఇదే. ఒక్కొక్క వరుసలో పోయేది పైసా లోపే. కాని ఇది ఎప్పుడూ ఒకే వైపుకు పోతుంది, పోయేది ఎప్పుడూ సభ్యుడి సొమ్మే. 2400 వరుసలకు పది పన్నెండు రూపాయలు. ఏడాదికి ముప్ఫై ఆరు బిల్లులు, దాదాపు నాలుగు వందల రూపాయలు. సంఘం పెద్దది కావచ్చు, సొమ్ము చిన్నది కావచ్చు, అయినా అది ఏ ఖాతాకు చెందినదో ఎవరూ చెప్పలేని సొమ్ముగా మిగులుతుంది.

దీనిలో ఉన్న చిక్కు ఏమంటే, కత్తిరించిన షీటులో చీటీల మొత్తమూ, కంప్యూటర్ మొత్తమూ సరిగ్గా కలుస్తాయి. కత్తిరించినవే చీటీపై ఉన్నాయి, కత్తిరించినవే కూడాము. మొత్తాలు కలిసినవి గనుక లెక్క సరి అనుకొనేవారికి ఇది కనబడనే కనబడదు. దీనిని పట్టుకోవాలంటే మొత్తం జోలికి పోకుండా వరుసల దగ్గరకు పోవాలి. ఒక పూట చీటీలలో ముప్ఫై తీసుకొని, F వద్ద మీట ఉంచిన కాలిక్యులేటర్‌తో బరువును ధరతో హెచ్చించండి. మూడవ దశాంశ స్థానంలో 5 గాని, అంతకు మించిన అంకె గాని వచ్చిన చీటీలను పక్కన పెట్టండి, ముప్ఫైలో దాదాపు సగం ఉంటాయి. వాటన్నింటిపైనా సొమ్ము ఒక పైసా పైకి సవరించి ఉండాలి. ఒక్కదానిపై కూడా సవరించి లేదంటే అక్కడ కత్తిరింపు జరుగుతున్నది. అప్పుడు కార్యదర్శిని నిందించేముందు ఆ షీటును ఎవరు తయారుచేశారో, ఆ ప్రోగ్రాం ఎవరిచ్చారో వ్రాతపూర్వకంగా అడగాలి. చాలాచోట్ల అది కార్యదర్శికి తెలియకుండా ఉన్నదే.

బిల్లు చెల్లించేటప్పుడు మరొకసారి సవరింపు వస్తుంది. బ్యాంకు ఖాతాలో వేసే సంఘాలకు ఈ బాధ లేదు, పైసలతో సహా పంపవచ్చు. నగదు ఇచ్చేచోట పైసలు ఇవ్వడానికి నాణేలు లేవు. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుండి చెల్లుబడి కావడం మానినవి. కావున బిల్లు రు. 4873.37 అయితే చేతికిచ్చేది రు. 4873. మిగిలిన 37 పైసలను సర్దుబాటు ఖాతాకు వేసి మరచిపోవడంకన్నా, సభ్యుడి బిల్లులో "పాత పైసలు" అని ఒక వరుస పెట్టి తరువాతి బిల్లుకు తీసుకుపోవడం మాకు నచ్చిన పద్ధతి. ఆ వరుసలో ఉన్న సొమ్ము ఎన్నడూ రూపాయికి చేరదు, చేరిన రోజున అది సభ్యుడికి వెళ్ళిపోయి ఉంటుంది. తనిఖీ రోజున అందరి పాత పైసలనూ కూడితే నగదు పెట్టెలో ఎక్కువగా ఉన్న చిల్లరతో అది కలవాలి.